జెట్టీ కింది గొంతు

మా పని నీటి లోతు కొలవడం. రేవులో ఓడలు ఆగే చోట అడుగున ఒండ్రు పేరుకుంటూ ఉంటుంది. ఒక్కో చోటా నెలకోసారి కొలిచి, ఎక్కడ ఎంత లోతు ఉందో కాగితం మీద గీసి ఇస్తే, దాన్ని బట్టి ఎంత బరువున్న ఓడని ఆ జెట్టీకి రానివ్వవచ్చో నిర్ణయిస్తారు. నేను పనిచేసింది ఒక చిన్న ప్రైవేటు సర్వే కంపెనీలో. అది మూతపడి చాలా ఏళ్ళయింది.

లోతు చెప్పే యంత్రం మా దగ్గరా ఒకటి ఉండేది. కాని జెట్టీని ఆనుకుని కొలిచేటప్పుడు దాన్ని నమ్మేవాళ్ళం కాదు. అక్కడ తాడే. తాడు చివర మూడు కిలోల సీసం గుండు, తాడు పొడవునా మీటరు మీటరుకీ తోలు ముక్కలు, మధ్యలో పదో వంతులకి గుడ్డ పీలికలు. లాంచీ ముందు భాగంలో నిలబడి నేను గుండు వేసేవాడిని. గుండు అడుగుని తాకగానే తాడుని నిటారుగా లాగి, నీటి మట్టం దగ్గర ఏ గుర్తు ఉందో చూసి గట్టిగా చెప్పేవాడిని. నా వెనక మూడడుగుల దూరంలో పలక మీద పుస్తకం పెట్టుకుని కూర్చున్న మనిషి ఆ అంకెని తిరిగి పైకి చెప్పి, అప్పుడు రాసుకునేవాడు.

"తొమ్మిది నాలుగు" అని నేను.

"తొమ్మిది నాలుగు" అని అతను.

ఆ తిరిగి చెప్పడం అలవాటు కాదు, నియమం. చెప్పినవాడు తన అంకెని ఇంకొకరి నోట వింటేనే అది అంకె అవుతుంది. డెబ్బైల చివరి నుంచి దాదాపు ఆరేళ్ళు నా అంకెలని తిరిగి చెప్పిన మనిషి అతనే.

అతనిది సబ్బవరం వైపు పల్లె. వ్యవసాయం చేసే కుటుంబం. రోజూ పొద్దున్నే బస్సులో వచ్చి కంచరపాలెంలో దిగేవాడు. నేను అక్కడే అద్దెకి ఉండేవాడిని. అతను నా సైకిలు కేరియర్ మీద కూర్చుంటే ఇద్దరం రేవుకి వెళ్ళేవాళ్ళం. చుట్టరికం ఏమీ లేకపోయినా మొదటి వారంలోనే బావా అని పిలిచాడు. నేనూ అలాగే పిలిచాను. నాకు పుస్తకాల పిచ్చి. అతను చదవడు గాని, నేను చదివింది సైకిలు మీద చెప్పించుకునేవాడు. కథ సగంలో ఉండగా రేవు గేటు వస్తే, "ఆగు బావా, ఇప్పుడు సంపీకు ఆణ్ణి. సాయంత్రం దాకా బతకనీ" అనేవాడు.

మధ్యాహ్నం లాంచీలోనే భోజనాలు. అతని కేరేజీలో ఎండు నెత్తళ్ళ కూర ఉంటే అతను తన మూతలో కూర వేసి నాకిచ్చేవాడు, నా మూత నేను అతనికిచ్చేవాడిని. అలా ఒకరి మూత ఒకరి దగ్గర ఉండిపోవడం, మర్నాడు మారడం మామూలే.

పనిలో మా ఇద్దరికే తెలిసిన ఒక గుర్తు కూడా ఉండేది. సాయంత్రం ఆఫీసులో అతను పోటు ఎత్తు తీసేసి అసలు లోతు లెక్కకట్టేటప్పుడు, ఏ అంకె మీదైనా అనుమానం వస్తే దాని కుడి పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టేవాడు. పుస్తకం తెరిచి నా బల్ల మీద ఉంచేవాడు. మర్నాడు ఆ చోట మళ్ళీ గుండు వేసి చూసి, సరిపోతే నేను ఆ చుక్కని అడ్డంగా కొట్టేసేవాడిని. దాని గురించి మాటలుండేవి కావు. పై సర్వేయరుకి ఆ చుక్కల సంగతే తెలియదు.

ఎనభైల మొదట్లో స్టీల్ ప్లాంటులో ఉద్యోగాలని ఊరంతా అదే మాట. అతను దరఖాస్తు పెట్టాడు. మొదటి ఇంటర్వ్యూ అయిపోయింది, రెండోదానికి పిలుపొచ్చింది. నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మా సర్వేయరు గారికి తెలిస్తే వెళ్ళనివ్వడని భయం. ఆ రోజుకి జ్వరమని సెలవు పెట్టాలని అనుకున్నాం. ఏం చెప్పాలో ఇద్దరం కలిసే కుదుర్చుకున్నాం.

దానికి నాలుగు రోజుల ముందు టీ తాగుతుండగా సర్వేయరు గారు అతని వైపు చూసి, "ఏమిటయ్యా, ఈ మధ్య ఇస్త్రీ చొక్కాలు?" అన్నారు. అతను నవ్వి ఊరుకున్నాడు. నేను ఊరుకోలేదు. "మా బావ ఇంక మన తాళ్ళూ గుండ్లూ పట్టుకోడండి. ఇనప పనిలోకి పోతున్నాడు" అన్నాను. ఆ మాటన్నప్పుడు నాలో గర్వమే ఉందని చాలాకాలం నమ్మాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. అతను వెళ్ళిపోతే ఖాళీ కేరియర్‌తో రేవుకి వెళ్ళాలన్న ఆలోచన అప్పటికే చాలాసార్లు వచ్చింది నాకు.

సర్వేయరు గారు టీ గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్ళారు. ఇంటర్వ్యూ ముందు రోజు ఉదయం అతన్ని లాంచీ ఎక్కించి, భీమిలి వైపు మూడు రోజుల పనికి పంపేశారు. నన్ను ఆఫీసులో ఉంచేశారు.

తిరిగొచ్చిన రోజు అతను నా బల్ల దగ్గరికి వచ్చాడు. కోపంగా లేడు. అదే నన్ను భయపెట్టింది.

"ఎందుకు సెప్పీసినావు బావా?"

"ఏదో నోరు జారింది."

"ఆరేళ్ళలో ఎప్పుడూ జారనేదు నీ నోరు. కథలో ఎవుడు సస్తాడో కూడా ముందు సెప్పవు నువ్వు." వెళ్ళబోతూ తిరిగి, "నాను ఎల్లిపోడం నీకు ఇష్టం నేదు. ఆ ముక్క నాతో అనుంటే సరిపోయీది" అన్నాడు.

అతను నన్ను బావా అని పిలవడం అదే ఆఖరు.

విడిపోయినవాళ్ళు ఒకరికొకరు దూరంగా ఉంటే సరిపోతుందని బయటివాళ్ళు అనుకుంటారు. మాకు దూరమన్నదే లేదు. లాంచీ ఇరవై అడుగులు. అందులో ఇంజను పోను మిగిలింది ఎంతో లేదు. నేను తాడు లాగినప్పుడు నీళ్ళు అతని పుస్తకం మీద పడేవి. అతను దగ్గితే నా వీపుకి తెలిసేది.

పొద్దున్న అతను కంచరపాలెంలో దిగడం మానేసి ఒక స్టాపు ముందుకెళ్ళి దిగి నడిచేవాడు. నేను సైకిలు మీద అతన్ని దాటి వెళ్ళాల్సి వచ్చేది. మొదటి రోజు బెల్లు కొట్టాను, ఎందుకో తెలియదు. అతను తల తిప్పకుండా రోడ్డు వారకి జరిగాడు, ఎవరో తెలియని మనిషికి దారిచ్చినట్టు. తర్వాత నుంచి పది నిమిషాలు ముందే బయల్దేరేవాడిని. వెనక బరువు అలవాటైన సైకిలు ఖాళీగా తొక్కుతుంటే ముందు చక్రం తూలేది. రెండు మూడు సార్లు, ఎవరో ఇప్పుడే దిగిపోయినట్టుగా, వెనక్కి చూశాను.

హాజరు పుస్తకంలో మా సంతకాలు ఒకదాని కింద ఒకటి ఉండేవి. అతను చేసి వెళ్ళేదాకా నేను గుమ్మం బయట చెప్పులు సర్దుకుంటూ నిలబడేవాడిని. టీ వచ్చినప్పుడు ఎవరు ముందు గ్లాసు తీసుకోవాలో తెలియక రెండూ చల్లారిపోయేవి. అతని కేరేజీ మూత ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. పక్కన చిన్న సొట్ట ఉన్న మూత. కడిగి సొరుగులో పెట్టాను. అతను అడగలేదు. కేరేజీని అరిటాకు ముక్కతో కప్పి తెచ్చుకునేవాడు.

పనికి సంబంధించిన మాటలు లాంచీ నడిపే సరంగు ద్వారా జరిగేవి. సరంగు పెద్దవాడు, సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం.

"ఆ పదకొండో దిమ్మ దగ్గర మళ్ళీ వెయ్యమని చెప్పు" అనేవాడు అతను, జెట్టీ మీద ఓడలు కట్టే ఆ దిమ్మని కాక నా వీపుని చూస్తూ.

"పదకొండో దిమ్మ కాడ మళ్ళీ ఎయ్యాలంట బాబూ" అనేవాడు సరంగు.

"వేశానని చెప్పు."

"ఏసేరంట." ఇంజను మీద చెయ్యేసి తల కొట్టుకునేవాడు. "మూడడుగుల కాడ నన్ను పోస్టుమేన్ని సేసీసినారు. నాకు జీతం ఎవులిస్తారు? మా కొంపలో అత్తా కోడలూ నయం. ఆళ్ళు తిట్టుకోడానికైనా మాటాడుకుంటారు."

ఇద్దరం నవ్వలేదు. ఒకప్పుడైతే ఆ మాటని వారం రోజులు వాడుకునేవాళ్ళం.

అన్నిటికన్నా పెద్ద మార్పు అంకెల దగ్గర వచ్చింది. అతను తిరిగి చెప్పడం మానేశాడు. నేను అంకె చెప్పేవాడిని. వెనక పెన్సిల్ కదిలిన చప్పుడు వినిపించేది. అంతే. సర్వేయరు గారు ఒడ్డు నుంచి చూస్తే తేడా ఏమీ తెలియదు.

మొదటి రోజు అలా జరిగినప్పుడు, నా అంకె తర్వాత అతని గొంతు రావలసిన చోట నిశ్శబ్దం వచ్చి, ఆ నిశ్శబ్దంలోంచి ఇంకెవరో అంకె చెప్పారు.

మేం కొలిచే జెట్టీ కాంక్రీటు స్తంభాల మీద ఉంటుంది. పోటు తగ్గినప్పుడు నీటికీ పైకప్పుకీ మధ్య మనిషెత్తు ఖాళీ ఏర్పడుతుంది. లోపల చీకటి, స్తంభాలకి పట్టిన గుల్లలు, నీరు ఆగి కదిలే వాసన. నా మాట ఆ ఖాళీలోకి పోయి, ఒక క్షణం ఆగి, తిరిగొచ్చేది. ఇన్నేళ్ళూ అది వస్తూనే ఉండి ఉండాలి. సరిగ్గా ఆ క్షణంలో అతను మాట్లాడేవాడు కాబట్టి నేను ఎప్పుడూ వినలేదు.

ప్రతిధ్వని అని తెలుసు. తెలిసినా అది నా గొంతులా ఉండేది కాదు. కొంచెం లావుగా, కొంచెం ఆలస్యంగా, అంకెని ఆలోచించి ఒప్పుకున్నట్టుగా వచ్చేది. "ఎనిమిది తొమ్మిది" అంటే లోపలి నుంచి "ఎనిమిది తొమ్మిది". వారం తిరిగేసరికి దాని కోసం ఆగడం అలవాటైంది. అది చెప్పాకే తాడు పైకి లాగేవాడిని. వెనక కూర్చున్నవాడికీ అది వినపడుతోందని నాకు తెలుసు. అతనూ దాని తర్వాతే రాసేవాడు. మేమిద్దరం మాట్లాడుకోకుండా ఆ చీకట్లో ఉన్న మూడోవాడితో పని చేయించుకుంటున్నట్టు ఉండేది.

అలా నాలుగు నెలలు గడిచాయి. శీతాకాలం వచ్చింది. ఒక సాయంత్రం పని అయ్యాక చూస్తే, గుండు దగ్గర తాడు స్తంభాల గుల్లలకి రాసుకుని చిట్లిపోయి ఉంది. అలాగే వదిలేస్తే గుండు నీట్లో పోతుంది. చిట్లిన ముక్క కోసేసి గుండుని మళ్ళీ కట్టాను. దాదాపు అడుగు తాడు పోయింది.

దీని అర్థం ఏమిటో మా పనిలో మొదటి రోజే నేర్పుతారు. గుర్తులు గుండు కింది కొస నుంచి లెక్క. గుండు దగ్గర అడుగు పోతే ప్రతి గుర్తూ అడుగు అబద్ధం చెబుతుంది. ఉన్న లోతు కన్నా అడుగు ఎక్కువ చూపిస్తుంది. తక్కువ చూపిస్తే ఓడకి ప్రమాదం లేదు. ఎక్కువ చూపిస్తేనే ప్రమాదం.

అందుకే రోజూ పని మొదలుపెట్టే ముందు తాడు తనిఖీ ఉండేది. జెట్టీ నేల మీద మీటరు మీటరుకీ తెల్ల రంగు గీతలుండేవి. తాడు తడిపి వాటి పక్కన పరిచేవాళ్ళం. ఒకడు గుండుని మొదటి గీత దగ్గర పట్టుకుని కూర్చోవాలి. రెండోవాడు తాడు బిగించి చివరిదాకా నడుస్తూ తేడా చూడాలి. తేడా ఉంటే పుస్తకం మీద రాసుకుని లెక్కలో తీసేస్తాం. లేకపోతే పేజీ పైన "తాడు సరి" అని రాసి, పుస్తకం రాసేవాడు సంతకం పెడతాడు. గుండు వేసేవాడు తాడు చెప్పిందే చెప్పాలి గాని సొంతంగా సవరించకూడదు.

గొడవయ్యాక కూడా మొదట్లో సరంగు ఒక చివర పట్టుకునేవాడు. తర్వాత అతనికి ఇంజను పనితో కుదరక మానేశాడు. తాడు ఎప్పుడూ మారేది కాదు గనక ఎవరూ పట్టించుకోలేదు. నేను తడిపి గీతల పక్కన పరిచేవాడిని. అతను వచ్చి, పరిచిన తాడుని దూరం నుంచి చూసి, తాడు సరి అని రాసేవాడు.

ఆ మర్నాడు పొగమంచు దట్టంగా ఉంది. రేవు అవతలి కొండ కనపడటం లేదు. తాడు తడిపి పరిచి, నేను చివర కూర్చున్నాను. గుండు అవతలి చివర, మంచులో సరిగా ఆనడం లేదు. అతను వచ్చాడు. అడుగుల చప్పుడు వినిపించింది, తర్వాత గుండు దగ్గర ఒక ఆకారం ఆగింది. వంగి పట్టుకుంటాడనుకున్నాను. పట్టుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది, నేను నోరు విప్పక్కర్లేదు. తాడు బిగుస్తుందేమోనని చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ఒకసారి కొంచెం కదిలినట్టే అనిపించింది. మంచు పలచబడి చూస్తే అక్కడ ఎవరూ లేరు. అతను అప్పటికే లాంచీలో పుస్తకం తెరిచి కూర్చున్నాడు.

గుండు మీద రాయి పెట్టి ఒక్కడినే కొలుచుకోవచ్చు. ఆ ఆలోచన తర్వాత కొన్ని వందల సార్లు వచ్చింది.

లాంచీ ఎక్కి సరంగుతో అన్నాను, "నిన్న సాయంత్రం తాడు మళ్ళీ కట్టానని చెప్పు."

"తాడు మళ్ళీ కట్టేరంట బాబూ."

"మంచిది" అన్నాడు అతను.

అడుగు పోయిందన్న మాట నా నోట్లోనే ఉంది. అతను ఎంత పోయిందని అడుగుతాడని చూశాను. ఎవరు అడిగినా అడుగుతారు. అతను నేను చెబుతానని చూసి ఉంటాడు. సరంగు ఇంజను వేశాడు.

ఆ రోజు జెట్టీ పొడవునా కొలిచాం. "తొమ్మిది ఏడు" అన్నాను. చీకట్లోంచి "తొమ్మిది ఏడు" వచ్చింది. పెన్సిల్ కదిలింది. అబద్ధపు అంకె అని తెలిసి చెప్పడం అదే మొదటిసారి. లోపలి గొంతు మాత్రం ఎప్పటిలాగే ఒప్పుకుంది. పది అంకెలు అయ్యేసరికి నాకూ అవి నిజమే అనిపించడం మొదలైంది.

మర్నాడు మధ్యాహ్నం నేను టీకి వెళ్ళొచ్చేసరికి కొలతల పుస్తకం నా బల్ల మీద తెరిచి ఉంది. అతను తన బల్ల దగ్గర తల వంచుకుని గీత గీస్తున్నాడు. నాలుగు నెలల్లో అతని పుస్తకం నా బల్ల మీదకి రావడం అదే. నా పని మీద తప్పు పట్టడానికి పెట్టాడనుకున్నాను. లేదా, నువ్వే రాసుకో అన్నట్టుగా. చూపు పడకుండా స్కేలు అంచుతో పుస్తకం మూసి, తీసుకెళ్ళి అతని బల్ల చివర పెట్టేశాను. అతను తలెత్తలేదు. గీత గీస్తున్న చెయ్యి మాత్రం ఆగింది. ఆ ఆగిన చెయ్యి ఇప్పటికీ కనిపిస్తుంది.

సాయంత్రం సర్వేయరు గారు తొందర పెడితే అతను కాగితం ఇచ్చేశాడు.

తొమ్మిది రోజుల తర్వాత ఆ లోతుని నమ్మి ఒక చిన్న సరుకు ఓడ వచ్చి కట్టుకుంది. ఉదయం ఏడు గంటలకి నేను జెట్టీ మీదికి వెళ్ళేసరికి పోటు పూర్తిగా తీసి ఉంది. ఏదో తేడాగా అనిపించింది గాని ఏమిటో వెంటనే తెలియలేదు. కట్టిన ఓడ ఎప్పుడూ కొంచెం కదులుతుంది. తాళ్ళు బిగుస్తూ వదులవుతూ, కిర్రు కిర్రుమంటూ ఉంటాయి. ఆ రోజు తాళ్ళు వేలాడుతున్నాయి. చప్పుడు లేదు. నీళ్ళు కదులుతున్నాయి, చెత్త కదులుతోంది, ఓడ మాత్రం మేడలా నిలబడి ఉంది. అడుగున ఒండ్రు మీద కూర్చుంది.

అతను నాకు ఇరవై గజాల దూరంలో నిలబడి అదే చూస్తున్నాడు. మా ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఒకసారి ఒకరినొకరు చూసుకున్నాం. అప్పుడైనా మాట్లాడి ఉండాల్సింది.

ఒండ్రు మెత్తనిది గనక ఏమీ విరగలేదు. పదకొండు గంటలకి పోటెక్కి ఓడ తనంత తనే లేచింది. కాని జెట్టీవాళ్ళు మా సర్వేయరు గారిని పిలిచి గట్టిగా అడిగారు. ఆయన వచ్చి తాడు గీతల పక్కన పరిపించారు. ఒక చివర ఆయనే పట్టుకున్నారు. అడుగు తేడా అందరికీ కనబడింది.

"తాడు సరి అని రాసిందెవరు?"

"నానేనండి" అన్నాడు అతను.

"కొలిచావా?"

"కొలవనేదండి."

ఆయన నా వైపు తిరిగారు. "నువ్వేం చేశావు?"

"తాడు తడిపి పరిచానండీ" అన్నాను. ప్రతి మాటా నిజమే.

"మరి ఈ అడుగు ఎక్కడికి పోయింది?"

నేను నోరు తెరిచేలోపు అతనే అన్నాడు, "గుండు కాడ తాడు సిట్లిపోతాదండి. కట్టీసినారని నాకు సెప్పేరు. ఎంత పోనాదో నానే సూసుకోనేదు."

నాకు చెప్పడానికి ఇంకా సమయం ఉంది. ఎంత పోయిందో నాకు తెలుసనీ, తెలిసే రోజంతా అంకెలు చెప్పాననీ. సర్వేయరు గారు కళ్ళద్దాలు తుడుచుకుని, పెట్టుకుని, కాగితాలు సర్దుకుని వెనక్కి తిరిగేదాకా సమయం ఉంది. నేను నేలమీది తెల్ల గీతలు చూస్తూ నిలబడ్డాను.

అతన్ని పోటు కర్ర దగ్గరికి మార్చారు. రేవు ఇంకో ఒడ్డున నీట్లో అంకెలు రాసిన నిలువు కర్ర ఉంటుంది, పక్కన చిన్న రేకుల గది. పది నిమిషాలకోసారి నీటి మట్టం చూసి రాసుకుని, చూశానని లాంచీకి తెలిసేలా తెల్ల జెండా ఎత్తి దించాలి. ఒక్కడే ఉండే పని. ఏడాదిన్నర అతను అక్కడే ఉన్నాడు. నా వెనక వేరే మనిషి కూర్చుని అంకెలు తిరిగి చెప్పేవాడు. చక్కగా, నియమం ప్రకారం. నేను మాత్రం అతని మాట అయ్యాక జెట్టీ కింది గొంతు కోసం కూడా ఆగేవాడిని.

నీటి అవతల జెండా లేచేది, దిగేది. నాలుగు వందల గజాల నుంచి మనిషి గడ్డి పరకంత. గడియారం చూసుకుని, జెండా లేచే వేళకి అటు తిరిగి ఉండేవాడిని. ఒక్కోసారి దించడం కొంచెం ఆలస్యమయ్యేది. అప్పుడు నేనూ చెయ్యి కొంచెం పైకెత్తేవాడిని. నుదుటి చెమట తుడుచుకుంటున్నట్టు.

ఒక సోమవారం జెండా ఎత్తడానికి వేరే మనిషి వచ్చాడు. అతనికి పచ్చకామెర్లని చెప్పారు. చూడ్డానికి వెళ్ళాలనుకున్నాను. వెళ్తే ఏమని పిలవాలో తేలక రెండు వారాలు గడిపేశాను. మూడో వారంలో పోయాడు.

ఆ కబురు తెలిసిన రోజు కూడా పని ఉంది. గుండు వేసి అంకె చెప్పాను. వెనక మనిషి తిరిగి చెప్పాడు. తర్వాత రావలసింది రాలేదు. మళ్ళీ అదే అంకె ఇంకా గట్టిగా అన్నాను. రాలేదు. నిండు పోటు, జెట్టీ కింద ఖాళీ మూసుకుపోయి ఉంది, ధ్వని పోవడానికి చోటు లేదు. కారణం నాకు బాగా తెలుసు. అయినా తాడు పట్టుకుని నిలబడిపోయాను. చివరికి సరంగు వచ్చి నా చేతిలోంచి తాడు తీసుకున్నాడు.

పదకొండో రోజుకి పూర్ణా మార్కెట్‌లో నాలుగు రకాల పళ్ళు కొనుక్కుని సబ్బవరం బస్సెక్కాను. సొరుగులోని మూత కూడా సంచిలో పెట్టుకున్నాను. అతని భార్యని అంతకు ముందు మూడు నాలుగు సార్లు చూశానంతే. ఆమె నన్ను చూసి, "వచ్చేవా అన్నయ్యా" అని ఏడ్చింది. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. ఈవిడ ఇప్పుడు అన్నీ అడుగుతుందని అనుకున్నాను.

మూత ఇచ్చాను. తిప్పి సొట్ట చూసుకుని అంది, "నీ కాడే ఉందని సెప్పేడు. ఎప్పుడడిగినా, బావ కాడుంది, రేపు తెత్తాననేవోడు."

ఆమె పీట వేస్తే కూర్చున్నాను.

"జొరం వచ్చిన వారం కూడా నీ మాటే అన్నయ్యా. నువ్వేదో కథ సెప్పేవంట, సగంలో గేటు వచ్చీసిందంట. ఆడు బతుకుతాడో నేదో రేపు తెలుస్తాదే అని నవ్వేడు. రోజూ సాయంత్రం అన్నం కాడ ఇదే. బావ అలగన్నాడు, బావ ఇలగన్నాడు."

మేం మాట్లాడుకుని దాదాపు రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళూ రోజూ సాయంత్రం ఆ ఇంట్లో నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఏం మాట్లాడానో నాకు తెలియదు. ఆమెకి తెలుసు. అడగడానికి ధైర్యం చాలలేదు. ఆ పీట మీద కూర్చుని, ఆమె చెప్పే నా మాటలకి తల ఊపాను. కొన్ని బాగున్నాయి. నేను అనగలిగేవి కావు.

ఎనభైల చివర్లో కంపెనీ మూసేశారు. పాత కాగితాలు పాత సామాన్లవాడికి తూకానికి వేస్తుంటే, ఆ శీతాకాలం కొలతల పుస్తకం ఒక్కటి తీసి పెట్టుకున్నాను. ఇంటికి తెచ్చి కూడా కొన్ని నెలలు తెరవలేదు. ఒక ఆదివారం పొద్దున్న కిటికీ దగ్గర కూర్చుని తెరిచాను.

పొగమంచు రోజు పేజీ. పైన తాడు సరి, అతని సంతకం. కింద నేను చెప్పిన అంకెలు, వాటి పక్కన అతను లెక్కకట్టిన అసలు లోతులు. ప్రతి లోతుకీ కుడి పక్కన పెన్సిల్ చుక్క. ఒకటి రెండు కాదు. పేజీ పొడవునా, తర్వాతి పేజీ కూడా. ఒక్కటీ వదల్లేదు. ఒండ్రు తవ్వకుండా నెలలో జెట్టీ పొడవునా లోతు అడుగు పెరగదని అతనికి లెక్కలోనే తెలిసిపోయింది. తెలిసి, మాకున్న పాత పద్ధతిలోనే అడిగాడు. పుస్తకం తెరిచి నా బల్ల మీద పెట్టాడు. నేను స్కేలుతో మూసి వెనక్కి ఇచ్చాను.

విచారణ రోజు ఆ పుస్తకం అతని చంకలోనే ఉంది. సర్వేయరు గారికి ఆ రెండు పేజీలు చూపించి, నాను అడిగేనండి, ఆయన సూడనేదండి, అంటే చాలు. పోటు కర్ర దగ్గరికి నేను వెళ్ళేవాడిని.

పెన్సిల్ తెచ్చుకుని కూర్చున్నాను. మొదటి అంకె చూసి, అడుగు తీసేసి, సరైన లోతు పైకి చెప్పాను. ఆగాను. వీధిలో ఎవరో బిందె దించిన చప్పుడు తప్ప ఏమీ లేదు. చుక్కని అడ్డంగా కొట్టేశాను. రెండో అంకె చెప్పాను. మళ్ళీ ఆగాను. చివరి చుక్క దాకా ప్రతిసారీ ఆ ఒక్క క్షణం ఆగుతూనే ఉన్నాను.